చీకటి నీళ్లలో చేప పిల్లకు శత్రువు జాడ చెప్పే గీత

నల్లగొండ చేపల మార్కెట్‌లో రెండు కిలోల రవ్వను బండ మీద పక్కకు పడుకోబెట్టినప్పుడు ఒకసారి పరికించి చూడండి. మొప్ప మూత వెనక నుంచి తోక మొదలు దాకా, ఒంటి నడుమ, సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కల వరుస కనిపిస్తుంది. ఆ వరుసలోంచి ఒక పొలుసు పీకి వెలుతురుకు అడ్డం పెడితే మధ్యలో చిన్న గొట్టం ఉన్నట్టు తెలుస్తుంది. దాని పై వరుసలోదో కింది వరుసలోదో పీకి చూస్తే గొట్టం ఉండదు. రవ్వకు ఒక్కో పక్కన ఇట్లాంటి గొట్టపు పొలుసులు 40 పైచిలుకు ఉంటాయి. ఈ వరుసకు జీవశాస్త్ర పుస్తకాల్లో పార్శ్వరేఖ అని పేరు.

ఏటా వానలు పడి చెరువులు నిండినప్పుడు చేప పిల్లలను వదులుతారు. కొత్త నీరు ఎర్రగా, జానెడు లోతు కూడా కనపడనంత మురికిగా ఉంటుంది. రాత్రయితే చెప్పే పనే లేదు. అందులోనే కొర్రమట్టలు, వాలుగలు పొంచి ఉంటాయి. కళ్లు పని చేయని చోట పిల్లలన్నీ మొదటి రాత్రే ఖాళీ కావాలి కదా, కొన్నయినా ఎట్లా తప్పించుకుంటున్నాయి? ఈ ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఆ చుక్కల వరుసలో ఉంది. ఆ గీతను కొందరు చెవి అంటారు, కొందరు కరెంటు పసిగట్టే తీగ అంటారు, ఇంకొందరు రంగుచార అని కొట్టిపారేస్తారు. 19వ శతాబ్దం నడుమ దాకా శాస్త్రజ్ఞులే దాన్ని జిగురు ఊరే గొట్టం అనుకున్నారు. 1850లో ఫ్రాంజ్ లైడిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అది ఒక జ్ఞానేంద్రియమని గుర్తించాడు.

## గీతలో ఏముంది

అసలు పని చేసేది గొట్టం కాదు, దాని లోపల కూర్చున్న చిన్న గుత్తి. దాన్ని న్యూరోమాస్ట్ అంటారు. ఒక్కో గుత్తిలో కొన్ని పదుల రోమకణాలు ఉంటాయి. ప్రతి రోమకణం నెత్తిన పొట్టి రోమాలు మెట్ల వరుసలా పేర్చి, ఒక చివర ఒకే ఒక పొడవు రోమం నిలబడి ఉంటుంది. ఈ రోమాలన్నింటి మీదా మెత్తని జిగురు దొప్ప ఒకటి టోపీలా కప్పి ఉంటుంది.

నాటు వేసిన మడిలోకి కాలువ నీళ్లు వదిలితే నారు అంతా నీళ్లు పోయే దిక్కుకు వంగుతుంది. జిగురు దొప్ప కూడా అట్లాగే వంగుతుంది. దొప్పతో పాటు రోమాలూ వంగుతాయి. పొడవు రోమం వైపు వంగితే ఆ కణం నరానికి ఎక్కువ సంకేతాలు పంపుతుంది, అవతలి వైపు వంగితే తగ్గిస్తుంది. ఒకే గుత్తిలో సగం కణాలు తల వైపు తిరిగి, సగం తోక వైపు తిరిగి ఉంటాయి. రెండు జట్లకూ నరాలు వేరు. కాబట్టి నీరు కదిలిందన్న మాటతో పాటు, ఏ దిక్కుకు కదిలిందన్న మాట కూడా మెదడుకు చేరుతుంది.

ఈ గుత్తులు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని చర్మం మీదే, నీటికి ఎదురుగా ఉంటాయి. ఇవి నీటి వేగాన్ని పట్టుకుంటాయి, మెల్లగా సాగే ప్రవాహం కూడా వీటికి తెలుస్తుంది. మిగతావి గొట్టంలో, ఒక రంధ్రానికీ పక్క రంధ్రానికీ నడుమ కూర్చుంటాయి. చెరువు తూమును తలుచుకుంటే వీటి పని అర్థమవుతుంది. తూముకు రెండు పక్కలా నీటిమట్టం ఒకటే అయితే లోపల నీరు కదలదు. ఒక పక్క కాస్త ఎక్కువైతే చాలు, పారుతుంది. గొట్టంలోనూ అంతే. రెండు రంధ్రాల దగ్గర నీటి ఒత్తిడిలో తేడా వస్తేనే లోపలి ద్రవం కదిలి దొప్పను వంచుతుంది. నిలకడగా పారే నీటికి ఇవి పెద్దగా స్పందించవు. నీటి కదలిక ఒక్కసారిగా మారినప్పుడు, కదలికకు వేగం పెరిగినప్పుడు మాత్రం చురుగ్గా పలుకుతాయి. మత్తడి దుంకే చోట ఎదురీదే చేపకు ఇది పెద్ద వెసులుబాటు. ప్రవాహం రొదలోనూ పక్కన ఏదో కదిలిన సంగతి విడిగా తెలుస్తుంది.

గుడ్డులోంచి వచ్చి నాలుగైదు రోజులైన పిల్లకు పొలుసులు ఉండవు, గొట్టమూ ఉండదు. చర్మం మీది గుత్తులే దానికి ఉన్న సాధనం. గొట్టాలు పిల్ల ఎదిగే కొద్దీ తయారవుతాయి. అతి ఎక్కువ ప్రమాదం ఉన్న వయసులో దాని దగ్గర ఉన్నది సగం సామగ్రే అన్నమాట.

## చెవికీ దీనికీ తేడా ఎక్కడ

చేపకు చెవి ఉంది. బయటికి కనపడదు, పుర్రె లోపల ఉంటుంది. చెవిలోనూ ఇవే రోమకణాలు. మన చెవి లోపల ఉన్నవీ ఇదే కోవలోవి. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

తేడా తెలియాలంటే నీటిలో తేలే గడ్డిపోచను ఊహించుకోండి. నీరు మొత్తం ఒక్క తీరుగా పక్కకు జరిగితే గడ్డిపోచ కూడా దానితో జరుగుతుంది. పోచ చుట్టూ నీరు పారినట్టే ఉండదు. చేప శరీరం కూడా దాదాపు నీటి సాంద్రతతోనే ఉంటుంది కాబట్టి నీరు మొత్తంగా ఊగితే చేప కూడా దానితో ఊగుతుంది. చర్మం మీది దొప్ప వంగడానికి కారణం ఉండదు. ఈ ఊపును పట్టేది చెవి. అందులో బరువైన చిన్న రాయి ఉంటుంది. ఒళ్లు ఊగినా రాయి కాస్త వెనకబడుతుంది, ఆ వెనకబాటే సంకేతం.

పార్శ్వరేఖకు కావలసింది వేరు. చేప తల దగ్గర నీరు ఒక వేగంతో, తోక దగ్గర ఇంకో వేగంతో కదలాలి. అంటే ఒంటి పొడవునా తేడా ఉండాలి. ఆ తేడా దగ్గరి వస్తువు వల్లే వస్తుంది. దూరపు శబ్దం ఒళ్లంతా ఒకేలా ఊపి వదిలేస్తుంది. అందుకే పార్శ్వరేఖ చేరే దూరం సుమారుగా చేప ఒంటికి ఒకటి రెండు పొడవులే. డచ్ శాస్త్రజ్ఞుడు స్వెన్ డైక్‌గ్రాఫ్ దీన్ని దూరం నుంచి తాకే జ్ఞానం అన్నాడు. చెవి అనడం కన్నా ఈ మాటే సరిగ్గా అతుకుతుంది. ఇక కరెంటు పసిగట్టే అవయవాలు కొన్ని చేపలకు ఉన్న మాట నిజమే, జెల్లలకు, వాలుగలకు ఉన్నాయి కూడా. కానీ అవి వేరే అవయవాలు. రవ్వకు, బొచ్చెకు అవి లేవు.

## మీదికొచ్చే చేప ముందు నీరు ఎంత కదులుతుంది

నోరు తెరవక ముందే వేటాడే చేప తన రాకను చాటుకుంటుంది. ముందుకు ఈదేటప్పుడు తలకు ఎదురుగా ఉన్న నీటిని నెట్టక తప్పదు. తెప్ప మూతి ముందు నీరు ఉబికినట్టే ఇదీ. ఎంత నెడుతుందో లెక్క కడదాం. లెక్క సులువు కావడానికి వేటాడే చేప తలను 4 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండు అనుకుందాం. అది సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో, అంటే 200 మిల్లీమీటర్ల వేగంతో, నేరుగా వస్తోంది. ఎదురుగా 4 మిల్లీమీటర్ల పిల్ల ఉంది.

గుండు ముందు నీటి వేగం, దూరం పెరిగే కొద్దీ ఘనం లెక్కన పడిపోతుంది. గుండు నడిమి నుంచి కొలిచే దూరం రెట్టింపైతే వేగం ఎనిమిదో వంతు అవుతుంది, మూడు రెట్లయితే ఇరవై ఏడో వంతు.

వేటాడే మూతి ఇంకా 8 సెంటీమీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. గుండు నడిమి నుంచి అది 10 సెంటీమీటర్లు. అక్కడ నీరు సెకనుకు 1.6 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. పిల్ల అవతలి కొసన, 4 మిల్లీమీటర్లు ఇంకా దూరంలో, వేగం దాదాపు 1.4. రెండు కొసల మధ్య తేడా 0.2 కన్నా తక్కువ. మూతి 2 సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి దగ్గరి కొసన వేగం 25 మిల్లీమీటర్లు, అవతలి కొసన 19 దాకా ఉంటుంది. తేడా 6. మూతి 6 సెంటీమీటర్లు ముందుకు జరిగితే నీటి వేగం 16 రెట్లయింది, పిల్లకు అసలు అక్కరకు వచ్చే తేడా మాత్రం 35 రెట్లు దాటింది. హెచ్చరిక నెమ్మదిగా పెరుగుతూ రాదు. చాలాసేపు దాదాపు ఏమీ ఉండదు, చివర్లో ఒక్కసారిగా మోగుతుంది.

ఆ చివరి 2 సెంటీమీటర్లు దాటడానికి వేటాడే చేపకు పట్టే కాలం సెకనులో పదో వంతు. పిల్ల ఒళ్లు వంచడం మొదలుపెట్టడానికి సెకనులో వందో వంతు ప్రాంతంలో చాలు. ఆలస్యంగా మోగినా సమయం సరిపోతుంది, అయితే అందులో వృథా చేయడానికి ఎక్కువేమీ లేదు.

అసలు తల గుండులా ఉండదు, దాడి చేసేది ఒకే వేగంతో రాదు. అందుకని ఈ అంకెలను కొలతలుగా కాక, ఎటు ఎంత మారుతుందో చూపే నమూనాగా తీసుకోవాలి. ఒక సంగతి మాత్రం ఈ లెక్క నుంచి గట్టిగా తేలుతుంది: నీటిని నెట్టే వేగం వేటాడే చేప వేగాన్ని బట్టి ఉంటుంది. అదే చేప సెకనుకు 5 సెంటీమీటర్లతో పాకుతూ వస్తే పై అంకెలన్నీ నాలుగో వంతు అవుతాయి. తుంగలో, నాచులో కదలకుండా నిలబడి చివరి బెత్తెడు మాత్రం ఉరికే కొర్రమట్ట పద్ధతికి బలం ఇక్కడే ఉంది. నిలబడ్డ చేప ముందు నీటి తోపు ఉండదు.

## ప్రయోగాలు ఏం చూపాయి

ఈ విషయంలో ఎక్కువ పరీక్షలు జీబ్రా చేప పిల్లల మీద జరిగాయి. ఇది మన దేశపు వాగుల్లో, వరి మడుల్లో ఉండే వేలెడంత చారల చేప, రవ్వ బొచ్చెలకు దూరపు చుట్టం. పిల్ల ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి సూక్ష్మదర్శిని కింద రోమకణాలు బతికి ఉండగానే కనిపిస్తాయి.

పార్శ్వరేఖ పాత్ర తేల్చడానికి దాన్ని పని చేయకుండా ఆపి చూడాలి. దానికి మందు దొరికింది. స్ట్రెప్టోమైసిన్, నియోమైసిన్ జాతి యాంటీబయాటిక్‌లు రోమకణాలను చంపుతాయి. మనుషులకు ఈ మందులు ఎక్కువైతే వినికిడి పోవడానికి కారణం ఇదే. నీటిలో కలిపితే మందు ముందుగా తగిలేది చర్మం మీది గుత్తులకే. పిల్ల ఈదగలుగుతుంది, చూడగలుగుతుంది, నీటి కదలిక మాత్రం తెలియదు.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరీక్షలో పిల్లలను, వాటిని తినే పెద్ద జీబ్రా చేపలను ఒకే గుండ్రటి తొట్టిలో వదిలారు. బాగున్న పిల్లలు పది దాడుల్లో ఏడింటిని తప్పించుకున్నాయి. పార్శ్వరేఖ చచ్చిన పిల్లలు ఇరవైలో ఒకదాన్ని. అదే పరీక్షలో ఇంకో సంగతి దాగి ఉంది, నాకు దీనికే విలువ ఎక్కువ అనిపిస్తుంది. వేటాడే చేప నోరు తెరవక ముందే కదిలిన పిల్లలు సగానికి పైగా బతికాయి. నోరు తెరిచాక కదిలినవాటిలో బతికినవి నూటికి 15. ఇట్లాంటి చేప కొరికి పట్టదు, నోరు చప్పున తెరిచి నీటితో పాటు పిల్లను పీల్చుకుంటుంది. పీల్పు మొదలయ్యాక పిల్ల ఈదేది తనతో పాటు వెనక్కి పోతున్న నీటిలో. అందుకే పీల్పు కన్నా ముందు వచ్చే ఆ చిన్న తోపును పసిగట్టడమే ప్రాణం నిలిపేది.

మరుసటి ఏడు అదే బృందం చీకట్లో, బతికిన చేప బదులు యంత్రంతో నడిపే చేపను పిల్లల మీదికి పంపింది. చూపు లేదు. పిల్లలు తప్పుకున్నాయి. ఒంటికి ఏ పక్కన నీరు ఎక్కువ వేగంగా తగులుతుందో ఆ పక్కకు ఎదురు దిక్కున తిరిగాయి.

## ఒళ్లు వంచే ఆజ్ఞ ఎవరిది

చేప మెదడు వెనక భాగంలో రెండే రెండు పెద్ద నరాల కణాలు ఉంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. వాటిని మౌత్‌నర్ కణాలంటారు. ఒక్కోదాని తీగ అవతలి పక్కకు దాటి వెన్ను పొడవునా దిగుతుంది. ఎడమ కణం ఒక్కసారి మోగితే కుడి పక్క కండరాలన్నీ ఒకేసారి బిగుస్తాయి, చేప కొడవలిలా వంగుతుంది, మరుక్షణం తోక కొట్టి దూసుకుపోతుంది. ఎడమ నుంచి ప్రమాదం వస్తే కుడికి వంగడం, అంతే లెక్క.

వాదం ఎక్కడుందంటే, ఈ కణాన్ని మోగించేది చెవా, పార్శ్వరేఖా అన్నదాని దగ్గర. రెండింటి నరాలూ దాని మీదికి చేరతాయి. చెవి వైపు వాదించేవాళ్ల దగ్గర గట్టి ఆధారమే ఉంది: పెద్ద గోల్డ్‌ఫిష్‌కు పార్శ్వరేఖ పని చేయకపోయినా పెద్ద చప్పుడుకు అది కొడవలిలా వంగి దూకుతుంది. దిక్కు మాత్రం తప్పుతుంది, ముఖ్యంగా గోడ పక్కన ఉన్నప్పుడు. పార్శ్వరేఖ వైపువాళ్లు చూపేది జీబ్రా పిల్లల పరీక్షలను. నీటి తోపు ఒక్కటే ఉన్నప్పుడు పార్శ్వరేఖ లేని పిల్ల కదలనే లేదు.

రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. ఒక పరీక్షలో చప్పుడు, ఇంకోదాంట్లో మెల్లటి తోపు. ఒకచోట వేలెడు పొడవు దాటిన చేప, ఇంకోచోట బియ్యపు గింజంత కూడా లేని పిల్ల. చీకట్లో మెల్లగా మీదికొచ్చే చేప విషయంలో మాత్రం పార్శ్వరేఖ వైపు ఆధారమే బరువుగా ఉందని నా అంచనా.

## ఎప్పుడు మొద్దుబారుతుంది

మొదటి ఇబ్బంది చేప తనే తెచ్చుకుంటుంది. ఈదుతుంటే తన ఒంటి చుట్టూ నీరు పారుతుంది, ఆ పారకమే దొప్పలను వంచుతుంది. ఈత మొదలుకాగానే మెదడు పార్శ్వరేఖకు ఎదురు సంకేతం పంపి దాని గొంతు తగ్గిస్తుంది. ఫలితంగా ఈదుతున్న పిల్ల, నిలకడగా ఉన్న పిల్ల కన్నా బయటి తోపుకు తక్కువ స్పందిస్తుంది. జీబ్రా పిల్లలు ఒక తోపు ఈది, కాసేపు ఆగి, మళ్లీ ఈదుతాయి. ఆ ఆగిన గడియల్లోనే వాటికి చుట్టుపక్కల సంగతి బాగా తెలుస్తుంది.

రెండోది మైలుతుత్తం. బత్తాయి తోటల్లో బోర్డో మిశ్రమంలో, చేపల కుంటల్లో నాచుకు వాడే నీలి రాళ్లు. అందులోని రాగి రోమకణాలను చంపుతుంది. ప్రయోగశాలలో జీబ్రా పిల్లలకు లీటరు నీటిలో కరిగిన రాగి 20 మైక్రోగ్రాముల దగ్గర నుంచే నష్టం మొదలైంది, కొన్ని గంటల్లోనే. లీటరుకు ఒక మిల్లీగ్రాము మైలుతుత్తం వేస్తే అందులో రాగి 250 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. అయితే ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు. చెరువు నీటిలో కుళ్లిన ఆకు, పేడ, మట్టి రాగిని పట్టుకుంటాయి, కరిగి విడిగా మిగిలేది తక్కువ. శుభ్రమైన సిమెంటు తొట్టి నీటిలో మాత్రం ఆ అడ్డు ఉండదు.

ఈ దెబ్బ పైకి కనపడదు. పిల్ల చావదు, మేత తింటుంది, వెలుగులో నీడ చూసి పారిపోతుంది. పిల్ల పక్కకు సన్నటి గొట్టంతో నీటిని మెల్లగా చిమ్మితే కదలదు. ప్రయోగశాలలో అయితే బతికిన రోమకణాలు మాత్రమే పీల్చుకునే మెరుపు రంగు వేసి చూస్తారు. బాగున్న పిల్ల ఒంటి వెంట చుక్కలు మెరుస్తాయి, దెబ్బ తిన్నదానికి ఆ చోట్లు నల్లగా ఉంటాయి. మంచి నీటికి మార్చితే జీబ్రా పిల్లల్లో రెండు రోజులకల్లా కొత్త రోమకణాలు పుడతాయి. మనిషి చెవికి ఆ భాగ్యం లేదు. రాగి నీటిలోనే ఉంచితే మాత్రం పిల్లకూ తిరిగి రావు.

## వేటాడే చేపకూ ఇదే గీత

పార్శ్వరేఖ ఒక్క పక్షానిదే కాదు. యూరప్‌లోని వెల్స్ క్యాట్‌ఫిష్ అనే పెద్ద మీసాల చేపను, చిన్న గప్పీలను పూర్తి చీకట్లో ఒకే తొట్టిలో వదిలి పరారుణ కెమెరాతో చూశారు. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మీసాల చేప గప్పీ ఉన్న చోటికి అడ్డదారిన పోలేదు. గప్పీ పోయిన దారినే, దాని మలుపులతో సహా, వెంబడించి వెనక నుంచి పట్టింది. పది సెకన్ల కిందటి జాడ కూడా దానికి తెలిసింది. కొన్నిసార్లు గప్పీ ఒంటికి 55 పొడవుల దూరం ఆ దారిన నడిచింది.

మీసాలు రుచి చూస్తాయి కాబట్టి ఇది వాసన, రుచి పని అని ఒక అనుమానం వచ్చింది, సబబైన అనుమానమే. తర్వాతి పరీక్షలో కొన్నింటికి రుచి ఆపారు, కొన్నింటికి పార్శ్వరేఖ ఆపారు. రుచి పోయిన చేపలు దాదాపు మామూలుగానే వేటాడాయి. పార్శ్వరేఖ పోయినవాటి వేట బాగా తగ్గిపోయింది. తోక కొట్టిన ప్రతిసారీ నీటిలో చిన్న సుడులు వరుసగా మిగులుతాయి, అవి కొన్ని సెకన్ల పాటు అరగవు. క్యాట్‌ఫిష్ చదివింది ఆ సుడుల బాటను. మీదికొచ్చిన ఒక చేపను తప్పించుకోవడానికి పిల్ల కొట్టిన తోక దెబ్బ కూడా నీటిలో అట్లాంటి బాటనే వదులుతుంది.